ఫోన్‌లో రాత్రిదాకా వచ్చే డేటా, హాట్‌స్పాట్ పెడితే క్లాసు సగంలోనే ఎందుకు అయిపోతుంది?

ప్రశ్న: "అన్నా, మాది పర్లాకిమిడి. రోజుకు 1.5 జీబీ ప్లాన్. ఫోన్‌లో ఎంత వీడియో చూసినా రాత్రిదాకా వస్తుంది. ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇస్తే క్లాసు సగంలోనే అయిపోతోంది, ఆ తర్వాత ఏదీ తెరుచుకోదు. హాట్‌స్పాట్‌కి లిమిట్ వేరేగా ఉంటుందని అమెరికాలో ఉన్న మా బావ అన్నాడు. మనకి కూడా అలాగే కోత వేస్తున్నారా?"

వేయడం లేదు, తమ్ముడూ. మన దగ్గర మామూలు ప్రీపెయిడ్ రోజువారీ ప్లాన్లలో కుండ ఒకటే. నీ ఫోన్ తాగినా, ల్యాప్‌టాప్ తాగినా అదే 1.5 జీబీలోంచి పోతుంది. మీ బావ చెప్పింది కూడా అబద్ధం కాదు, కాకపోతే అది వాళ్ల ఊరి లెక్క. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ కుండకి చిల్లు ఎక్కడుందో చూద్దాం.

నేను రాయగడ, గుణుపూర్ వైపు టవర్ల పనిలో పదకొండేళ్లు తిరిగాను. ఇప్పుడు గుణుపూర్‌లో చిన్న సర్వీసు షాపు నడుపుతున్నాను. "హాట్‌స్పాట్ పెడితే కంపెనీవాడు డేటా దొంగిలిస్తున్నాడు" అంటూ వారానికి ఇద్దరైనా వస్తారు. మా అక్క కొడుకు కాశీనగర్‌లో ఉంటాడు, వాడిదీ అచ్చంగా నీ కథే. పొద్దున్న తొమ్మిదికి క్లాసు మొదలైతే తొమ్మిదీ నలభైకి నెట్ పడిపోయేది. ఒక ఆదివారం వాళ్లింటికి భోజనానికి వెళ్లి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. మర్నాడు పొద్దున్న వాడి పక్కన కూర్చుని మొత్తం కొలిచాం. ఆ కొలత చెప్తే నీకు సగం జవాబు దొరికినట్టే.

క్లాసు మొదలయ్యేముందు ల్యాప్‌టాప్‌లో డేటా లెక్కని సున్నా చేశాం. విండోస్‌లో `Settings` తెరిచి `Network & internet` లోకి, విండోస్ 11 అయితే అందులోని `Advanced network settings` లోకి వెళ్తే `Data usage` అని ఉంటుంది. ఏ ప్రోగ్రాం ఎంత వాడిందో అక్కడే కనిపిస్తుంది, పాత లెక్క చెరిపేసే మీట కూడా అక్కడే ఉంటుంది. ఫోన్‌లోనూ అప్పటివరకు ఎంత ఉందో రాసుకున్నాం. తర్వాత వాణ్ణి రోజూలాగే క్లాసు వినమన్నాను. ఏదీ మార్చలేదు, ఏదీ ఆపలేదు.

తొమ్మిదీ నలభై రెండుకి నెట్ చచ్చింది. ఫోన్ తీసి యాప్‌ల వారీ డేటా వాడకం చూస్తే `Hotspot & tethering` అనే పద్దు కింద 1.31 జీబీ ఉంది. మిగతా యాప్‌లన్నీ కలిపి 200 ఎంబీ లోపే. అంటే ఫోన్ తప్పేమీ లేదు, తాగింది ల్యాప్‌టాపే. ల్యాప్‌టాప్‌లో చూస్తే ఆ 1.31 జీబీ ఇలా పంచుకుపోయింది: `System` అనే పద్దు 610 ఎంబీ, బ్రౌజర్ 420 ఎంబీ, వన్‌డ్రైవ్ 240 ఎంబీ, మిగతా చిల్లర నలభై.

క్లాసు నడిచింది బ్రౌజర్‌లో. అంటే చదువుకి పోయింది 420 ఎంబీ మాత్రమే, మొత్తంలో మూడో వంతు కూడా లేదు. `System` కింద పోయిన 610 విండోస్ అప్‌డేట్. వన్‌డ్రైవ్ సంగతి చూసి వాడు తెల్లబోయాడు. ముందు రోజు వాళ్ల చిన్నాన్న కూతురి పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోంచి డెస్క్‌టాప్ మీదకి కాపీ చేశాడట. వాడి డెస్క్‌టాప్ ఫోల్డర్ మొత్తం వన్‌డ్రైవ్‌కి బ్యాకప్ అయ్యేలా పెట్టి ఉంది. పెట్టినట్టు వాడికే తెలియదు, ల్యాప్‌టాప్ కొన్నప్పుడు అన్నిటికీ ఎస్ నొక్కేశాడు. వీడు క్లాసు వింటుంటే, అది పెళ్లి ఫొటోలను ఒక్కొక్కటిగా పైకి మోస్తోంది. డౌన్‌లోడ్ అయినా అప్‌లోడ్ అయినా కోటాలోంచే పోతుంది. మనం దించుకున్నదే లెక్కలోకి వస్తుందని చాలామంది అనుకుంటారు.

ఇక్కడ అసలు కిటుకు ఏమిటంటే, నీ ఫోన్‌కి తన దగ్గరున్నది మొబైల్ డేటా అని తెలుసు. అందుకే పొదుపుగా ఉంటుంది. యాప్ అప్‌డేట్లు వైఫై దొరికేదాకా ఆగుతాయి, ఫొటోల బ్యాకప్ ఆగుతుంది, వీడియో యాప్‌లు మొబైల్ డేటా మీద నాణ్యత తగ్గించి చూపిస్తాయి. పైగా అరచేతిలో పట్టే తెరమీద 360పీ వీడియో కూడా శుభ్రంగానే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌కి మాత్రం హాట్‌స్పాట్ అంటే వైఫై. అవతల ఫైబర్ కనెక్షన్ ఉందో, రోజుకు 1.5 జీబీ సిమ్ ఉందో దానికి తెలియదు. వైఫై దొరికింది కదా అని వారం రోజులుగా ఆపుకున్న పనులన్నీ ఒకేసారి మొదలుపెడుతుంది. పెద్ద తెర కాబట్టి వీడియో కూడా 720పీకో 1080పీకో ఎక్కుతుంది. చుట్టం ఇంట్లో భోజనానికి కూర్చున్నవాడికి వంటింట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

ఆండ్రాయిడ్‌వాళ్లు దీనికి ఒక ఏర్పాటు చేశారు. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, కనెక్ట్ అయిన పరికరానికి ఐపీ అడ్రస్ ఇచ్చేటప్పుడు దాంతో పాటు `ANDROID_METERED` అనే చిన్న చీటీ కూడా పంపుతుంది. "ఇది లెక్కపెట్టే నెట్, చూసి వాడు" అని దాని అర్థం. ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్ కనెక్ట్ అయితే ఆ చీటీ చదివి కొంత సర్దుకుంటుంది. లైనక్స్‌లో నెట్‌వర్క్‌మేనేజర్ కూడా దాన్ని గుర్తిస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌కి మాత్రం నువ్వే చెప్పాలి.

చెప్పడం కష్టమేమీ కాదు. హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అయ్యాక `Settings`, `Network & internet`, `Wi-Fi` వరసలో వెళ్లి, నీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కితే `Metered connection` అనే మీట కనిపిస్తుంది. దాన్ని ఆన్ చెయ్యి. విండోస్ ఆ పేరుని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఒక్కసారి చేస్తే చాలు. కాకపోతే హాట్‌స్పాట్ పేరు మార్చినా, వేరే ఫోన్ నుంచి ఇచ్చినా మళ్లీ చెయ్యాలి. ఈ మీట వేస్తే పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి, వన్‌డ్రైవ్ కూడా సింక్ ఆపుకుంటుంది. కొన్ని ముఖ్యమైన సెక్యూరిటీ అప్‌డేట్లు అప్పుడు కూడా రావచ్చు, వాటితో పెద్ద బాధ ఉండదు. బ్రౌజర్‌లో నడిచే వీడియో మాత్రం ఈ మీట మాట వినదు. దాని నాణ్యత నువ్వే చేత్తో 480పీకో 360పీకో దించాలి. బోర్డు మీద రాసింది 480పీలో హాయిగా చదవొచ్చు.

మా వాడి ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ చేశాం. మర్నాడు తొమ్మిది నుంచి పదకొండుదాకా రెండు గంటలు విన్నాడు. రెండు గంటలకీ కలిపి హాట్‌స్పాట్ పద్దులో 520 ఎంబీ పడింది. అదే సిమ్, అదే టవర్, అదే ప్లాన్.

ఇక లిమిట్ దాటాక ఏదీ తెరుచుకోదన్నావు కదా. అది కూడా లెక్కేసి చూస్తే అర్థమవుతుంది. మన పెద్ద కంపెనీల రోజువారీ ప్లాన్లలో కోటా అయిపోయాక నెట్ పూర్తిగా కట్ చేయరు, 64 కేబీపీఎస్‌కి దించుతారు. ఇది కిలోబిట్ల లెక్క. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ రావడానికి రెండు నిమిషాల పైనే పడుతుంది. వాట్సాప్‌లో 200 కేబీ ఫొటోకి పాతిక సెకన్లు. మూడు ఎంబీల వెబ్ పేజీ అయితే ఆరు నిమిషాలు. అంతసేపు బ్రౌజర్ ఆగదు, మధ్యలోనే చేతులెత్తేస్తుంది. అందుకే "స్లోగా వస్తోంది" అని కాకుండా "ఏదీ రావడం లేదు" అనిపిస్తుంది.

హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే ఈ బాధ ఇంకా పెరుగుతుంది. ఆ 8 కిలోబైట్లని నీ ఫోను, ల్యాప్‌టాపు, ల్యాప్‌టాప్‌లో వెనకాల నడిచే పది ప్రోగ్రాములూ కలిసి పంచుకోవాలి. ఇరుకు సందులోకి పది ఎడ్లబళ్లు ఒకేసారి దూరినట్టు ఉంటుంది. చిన్న మెసేజ్ కూడా ఆ వరసలోనే నిలబడాలి. కోటా అయిపోయాక ఫోన్‌పే చేయబోతే తిరుగుతూనే ఉందని చాలామంది కంగారు పడతారు, డబ్బు కట్ అయిందో లేదో తెలియక టెన్షన్. అలాంటప్పుడు మొట్టమొదట హాట్‌స్పాట్ ఆపెయ్యి. ఫోన్ ఒక్కటే ఉంటే 64 కేబీపీఎస్‌లో వాట్సాప్ మాటలు, యూపీఐ చెల్లింపు, ఓటీపీ లాగిన్ లాంటివి కాస్త ఆలస్యంగానైనా జరుగుతాయి. రాత్రి పన్నెండు దాటాక కొత్త రోజు కోటా వస్తుంది. అప్పటిదాకా ఆగలేకపోతే డేటా యాడాన్ వేసుకోవాలి. కానీ యాడాన్ వేసేముందు ఆ మీట వెయ్యి, లేకపోతే ఆ ఒక్క జీబీని కూడా వన్‌డ్రైవే తినేస్తుంది.

నెట్ మందగిస్తే అన్నిసార్లూ కోటా అయిపోయిందనుకోకు. పర్లాకిమిడిలో నీ ఇల్లు ఏ వైపు ఉందో నాకు తెలియదు గానీ, ఊరి చివర కొండ వారగా ఉంటే సిగ్నల్ బలహీనంగా ఉండి కూడా ఇదే జరుగుతుంది. తేడా పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది. హాట్‌స్పాట్ మీదున్న ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మిగతావన్నీ మూసేసి ఇది నడుపు:

```
ping -n 20 8.8.8.8
```

తర్వాత ఏదైనా మామూలు వెబ్ పేజీ తెరుస్తూ మళ్లీ నడుపు. కోటా దాటిన కనెక్షన్ అయితే, ఖాళీగా ఉన్నప్పుడు సమయాలు ఓ మాదిరిగా నిలకడగా వస్తాయి. పేజీ తెరవగానే రెండు వేలు, మూడు వేల మిల్లీసెకన్లకి ఎగబాకుతాయి. సందు ఇరుకు, వరస పెరిగింది, అంతే. సిగ్నల్ సమస్య అయితే ఖాళీగా ఉన్నప్పుడే అంకెలు ఇష్టమొచ్చినట్టు ఎగురుతాయి, మధ్యమధ్యలో `Request timed out` అని వస్తుంది, ఫోన్ కిటికీ దగ్గర పెడితే బాగుపడుతుంది. స్పీడ్ టెస్ట్‌లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. కోటా దాటితే ఇంట్లో చూసినా, మేడ మీద చూసినా, పొద్దున్న చూసినా, రాత్రి చూసినా 0.06 ఎంబీపీఎస్ దగ్గరే కదలకుండా ఉంటుంది. సిగ్నల్ తక్కువైతే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఆరు. కోటా ఉన్నప్పుడు మాత్రం స్పీడ్ టెస్ట్ మాటిమాటికీ నొక్కకు. ఒక్కో టెస్టుకే బోలెడు ఎంబీలు పోతాయి. కోటా తగ్గిందేమోనన్న అనుమానంతో టెస్టుల మీద టెస్టులు చేసి కోటా పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

సరిహద్దులో ఉన్నాం కాబట్టి ఇంకో చిన్న సంగతి. పాతపట్నం వైపు నుంచి ఆంధ్రా టవర్ అందుకుంటే ఫోన్ మీద రోమింగ్ గుర్తు పడొచ్చు. అలా పడినప్పుడు సెట్టింగుల్లో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే ఆ క్షణం నెట్ ఆగిపోతుంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం వైఫై గీతలు నిండుగానే కనిపిస్తాయి. ఆ గీతలు ల్యాప్‌టాప్‌కీ ఫోన్‌కీ మధ్య సంగతి మాత్రమే చెప్తాయి, ఫోన్‌కీ టవర్‌కీ మధ్య ఏం జరుగుతోందో చెప్పవు. మన సరిహద్దు ఊళ్లలో డేటా రోమింగ్ ఆన్‌లో ఉంచుకోవడమే మంచిది.

5జీ అన్‌లిమిటెడ్ ఉన్న ప్లాన్‌కి మారదామనుకుంటే ఒక మాట గుర్తుంచుకో. 2024 జూలైలో రేట్లు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ ఆ సదుపాయాన్ని రోజుకు 2 జీబీ, అంతకన్నా పై ప్లాన్లకి పరిమితం చేశాయి. అన్‌లిమిటెడ్ అనేది ఫోన్ 5జీ మీద ఉన్నంతసేపే. 4జీకి జారితే రోజువారీ కోటా కరుగుతుంది. హాట్‌స్పాట్ పెట్టి గంటసేపు వదిలేస్తే ఫోన్ వేడెక్కుతుంది, వెనక గదిలో సిగ్నల్ తగ్గితే తెలియకుండానే 4జీకి దిగిపోతుంది. నువ్వు ల్యాప్‌టాప్ తెర చూస్తుంటావు గానీ ఫోన్ మీద 5జీ గుర్తు ఉందో పోయిందో చూడవు. కొత్త ప్లాన్ వేయించిన రోజు హాట్‌స్పాట్ మీద ఒక రెండు వందల ఎంబీ వాడి, కంపెనీ యాప్‌లో బ్యాలెన్స్ తగ్గిందో లేదో చూసుకుంటే లెక్క తేలిపోతుంది.

ఇక మీ బావ సంగతి. అమెరికాలో చాలామందివి నెలవారీ అన్‌లిమిటెడ్ ప్లాన్లు. ఫోన్ మీద ఎంత వాడినా పర్వాలేదు, హాట్‌స్పాట్‌కి మాత్రం ఇన్ని జీబీలని వేరే కుండ పెడతారు. అది అయిపోతే ఫోన్ వేగంగానే ఉంటుంది, ల్యాప్‌టాప్‌కి వెళ్లే నెట్ మాత్రమే 600 కేబీపీఎస్ లాంటి వేగానికి పడిపోతుంది. ఎందుకలా అంటే, ఫోన్ తెర మీద ఒక మనిషి ఎంత చూసినా దానికి ఒక హద్దు ఉంటుంది. అది చూసుకునే అన్‌లిమిటెడ్ ధర కడతారు. అదే సిమ్‌కి ల్యాప్‌టాపు, టీవీ తగిలిస్తే ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మానేసి అందరూ ఆ ఒక్క ఫోన్ మీదే బతికేస్తారు. మన దగ్గర రోజుకి ఇంత అని ముందే కొలిచి పోస్తున్నారు కాబట్టి రెండో కుండ పెట్టాల్సిన పని లేదు. నువ్వు ఎందులో తాగినా వాళ్లకి పోయేది అంతే.

ఈ వేరే లెక్క మీద అక్కడ గొడవలు కూడా అయ్యాయి. ప్లే స్టోర్‌లో టెథరింగ్ యాప్‌లు దొరక్కుండా చేయించిందన్న ఫిర్యాదు మీద విచారణ జరిగితే, 2012లో వెరైజన్ అనే మొబైల్ కంపెనీ అక్కడి టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీతో 12.5 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఆ కంపెనీ కొన్న ఒక స్పెక్ట్రమ్ బ్లాకుకి, వాడుకదారు తనకి నచ్చిన యాప్ వాడుకోవడాన్ని అడ్డుకోకూడదన్న షరతు ఉండేది.

డేటా ఫోన్‌దో ల్యాప్‌టాప్‌దో వాళ్లకెలా తెలుస్తుందని అడుగుతావేమో. ఒక దారి ఏమిటంటే ఫోన్ తానే ఒప్పుకోవడం. కంపెనీ సెట్టింగుల్లో ఉంటే హాట్‌స్పాట్ డేటాని `dun` అనే వేరే ఏపీఎన్ దారిలో పంపుతుంది, అప్పుడు లెక్క తేలికగా విడిపోతుంది. ఇంకోటి టీటీఎల్. నెట్‌లో పోయే ప్రతి ప్యాకెట్ మీదా ఒక అంకె ఉంటుంది, దారిలో ఒక్కో మజిలీ దాటగానే ఒకటి తగ్గుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి నేరుగా బయల్దేరింది 64తో టవర్ చేరుతుంది. విండోస్ ల్యాప్‌టాప్ 128తో పంపుతుంది, నీ ఫోన్ మధ్యలో ఒక మజిలీ కాబట్టి 127 అవుతుంది. మ్యాక్ అయితే 63. ఆ అంకె చూస్తే ప్యాకెట్ ఎవరింటి నుంచి వచ్చిందో పోల్చుకోవచ్చు. ఈ టీటీఎల్ మార్చే చిట్కాలు వీడియోల్లో తెగ చూపిస్తారు. అవి అక్కడ కూడా ప్లాన్ షరతులకి విరుద్ధమే. మనకైతే దండగ, ఒకే కుండలోంచి తాగేటప్పుడు గ్లాసు రంగు మారిస్తే ఏం మిగులుతుంది?

కొందరు యూఎస్‌బీ కేబుల్‌తో టెథరింగ్ చేస్తే డేటా తక్కువ పోతుందంటారు. పోదు. ఫోన్ చార్జ్ అవుతుంది, వైఫై తడబాటు ఉండదు, అంతవరకే లాభం. పైగా కేబుల్ పెడితే ల్యాప్‌టాప్ దాన్ని వైఫైగా కాకుండా ఈథర్నెట్‌గా చూస్తుంది. అక్కడ `Metered connection` మీట మళ్లీ విడిగా వెయ్యాలి. ఇది మర్చిపోయి మా వాడే ఒక రోజు మళ్లీ 900 ఎంబీ పోగొట్టుకున్నాడు.

ఫోన్‌లో డేటా లిమిట్ పెట్టుకుంటే సరిపోతుందనీ అనుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా ఉండే డేటా వార్నింగ్, లిమిట్ నెల లెక్క మీద నడుస్తాయి, రోజువారీ కోటాకి పనికిరావు. కొన్ని ఫోన్లలో హాట్‌స్పాట్ సెట్టింగుల్లోనే విడిగా డేటా లిమిట్ ఉంటుంది. నీ ఫోన్‌లో ఉంటే 1.2 జీబీకి పెట్టు. అది తాకగానే హాట్‌స్పాట్ ఆగిపోతుంది, మిగతా 300 ఎంబీ ఫోన్‌కి మిగులుతుంది. రాత్రిదాకా వాట్సాప్‌కీ, యూపీఐకీ అది చాలు.

రేపు క్లాసుకి ముందు ల్యాప్‌టాప్ లెక్క సున్నా చేసి, ఏ సెట్టింగూ మార్చకుండా ఒక్కసారి మామూలుగా విను. నెట్ పడిపోయాక ఫోన్‌లో `Hotspot & tethering` అంకె, ల్యాప్‌టాప్‌లో పైన కనిపించే మూడు పేర్లూ వాటి అంకెలూ ఇక్కడ రాయి. `System` గానీ వన్‌డ్రైవ్ గానీ కాకుండా నీకు తెలియని పేరేదైనా పైన కనిపిస్తే అది ఏమిటో చూసి చెప్తాను.